బ్యాంకు బోర్డు మీది పేరు కాదు, డిపాజిట్ మీది పేరు చూడండి

పోయిన నెల మంఖాల్‌లో మా అన్నావాళ్ల ఇంట్లో ఒక పంచాయితీ జరిగింది. ఎయిర్‌పోర్టు రాకముందు ఎప్పుడో కొని వదిలేసిన చిన్న ప్లాటు అమ్ముడుపోయింది. అప్పులూ ఖర్చులూ పోగా చేతిలో పద్దెనిమిది లక్షలు మిగిలాయి. ఆగస్టులో కోడలిపిల్ల ఇంజనీరింగ్ ఫీజు కట్టాలి. మిగతాది రెండేళ్లు ఎక్కడైనా వేసి, ఆ తర్వాత దాని పెళ్లికో పై చదువుకో వాడుకోవాలని ఆలోచన. ఎక్కడ వేయాలన్న దగ్గర ఇల్లు మూడు ముక్కలైంది.

అన్నది స్మాల్ ఫైనాన్స్ బ్యాంకు. "పెద్ద బ్యాంకు కన్న ఒక శాతం ఎక్కువిస్తుండు. పద్దెనిమిది లక్షల మీద ఏడాదికి పద్దెనిమిది వేలు ఊకెనే వస్తయి, ఎవరు వద్దంటరు?" అన్నాడు.

అమ్మది కోఆపరేటివ్ బ్యాంకు. "ఆ మేనేజరు మనల్ని పేరు పెట్టి పిలుస్తడు. నీ చెల్లె పెండ్లికి గొలుసు కుదువ పెడితే అర్ధగంటల పైసలిచ్చిండు. గట్లెవరిస్తరు?" అంది.

వదినది సర్కారు బ్యాంకు. "వడ్డీ తక్కువైతే కానీయిండ్రి అత్తమ్మా, రాత్రి నిద్ర పడ్తది" అంది.

ముగ్గురూ నా వైపు చూశారు. ఎవరి మాట ఒప్పని నేను చెప్పలేదు. ముగ్గురూ ఒకే తప్పు చేస్తున్నారని అన్నాను, దాంతో ముగ్గురికీ కోపం వచ్చింది. ఆ రోజు భోజనాల దగ్గర మాట్లాడింది సగంలోనే ఆగింది, మిగిలింది ఇక్కడ రాస్తున్నాను. ఇది మా ఇంటి పంచాయితీ ఒక్కటే కాదు. మన ఇళ్లల్లో 'ఏ బ్యాంకు మంచిది' అని గంటలు గంటలు వాదిస్తారు. 'ఎవరి పేరున, ఎంత' అని ఒక్క నిమిషం అడగరు. మొదటి ప్రశ్న మగవాళ్లకు కాలక్షేపం. మన డబ్బును కాపాడేది రెండోది.

వాళ్ల తప్పేమిటో ముందు చెప్తాను. బ్యాంకు ఏదైనా సరే, ముగ్గురూ వేయమన్నది మొత్తం పద్దెనిమిది లక్షలూ ఒకే చోట, అన్న ఒక్కడి పేరున. అలా వేస్తే ఆ మూడు బ్యాంకుల్లో దేంట్లోనైనా బీమా ఉండేది ఐదు లక్షలకే. మిగతా పదమూడు లక్షలకు చట్టప్రకారం ఏ బీమా లేదు.

మన దేశంలో బ్యాంకు డిపాజిట్లకు బీమా ఇచ్చేది డీఐసీజీసీ. ఇది రిజర్వు బ్యాంకుకు చెందిన సంస్థ. స్టేట్ బ్యాంకు కట్టినట్టే గల్లీలోని కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకూ, స్మాల్ ఫైనాన్స్ బ్యాంకూ దీనికి ప్రీమియం కడతాయి. ఆ ఖర్చు బ్యాంకుదే, మన దగ్గర ఒక్క పైసా తీసుకోరు. 1993 నుంచి ఒక్కొక్కరికి లక్ష రూపాయలే ఉన్న ఈ బీమాను 2020 ఫిబ్రవరి 4 నుంచి ఐదు లక్షలు చేశారు. మధ్యలో ఇరవై ఏడేళ్లు గడిచిపోయాయి. ఆ ఇరవై ఏడేళ్లలో బంగారం ఎంత పెరిగిందో, శంషాబాద్‌లో గజం ఎంతైందో మీకే తెలుసు. డిపాజిట్ బీమా మాత్రం లక్ష దగ్గరే ఆగిపోయింది.

అంటే ఐదు లక్షల లోపు డబ్బు విషయంలో, కనీసం బీమా చట్టం దృష్టిలో, అమ్మ బ్యాంకూ అన్న బ్యాంకూ వదిన బ్యాంకూ ఒకటే. "కోఆపరేటివ్‌లో వేస్తే పైసా కూడా రాదు" అని బెదిరించేవాళ్లకు ఈ సంగతి తెలియదు. "బీమా ఉంది కదా, ఇక ఎక్కడైనా ఒకటే" అని తీసిపారేసేవాళ్లకు మిగతా సగం తెలియదు. ఆ మిగతా సగం ఏమిటంటే, ఐదు లక్షలు దాటిన డబ్బుకు ఏమవుతుంది, బీమా డబ్బు చేతికి రావడానికి ఎన్నాళ్లు పడుతుంది అన్నది. మూడు రకాల బ్యాంకులకూ తేడా వచ్చేది అక్కడే.

దీనికి దూరం పోనక్కర్లేదు, మన హైదరాబాద్‌లోనే మూడేళ్ల తేడాతో జరిగిన రెండు సంగతులున్నాయి. 2001లో కృషి కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు మూతపడింది. ఆ తర్వాత కొద్దికాలంలోనే చార్మినార్, ప్రుడెన్షియల్, వాసవి పేర్లతో ఉన్న కోఆపరేటివ్ బ్యాంకులూ దెబ్బతిన్నాయి. ఆ రోజుల్లో బ్యాంకుల ముందు పాస్‌బుక్కులు పట్టుకుని నిలబడ్డ ముసలివాళ్ల ఫొటోలు మీలో కొందరికి గుర్తుండే ఉంటాయి. అప్పటి బీమా లక్ష రూపాయలే. మూడు లక్షలు వేసుకున్న రిటైర్డ్ టీచరుకు బీమా కింద వచ్చేది మహా అయితే లక్ష. మిగతా రెండు లక్షలు రావాలంటే, బ్యాంకు ఇచ్చిన అప్పులు వసూలు కావాలి, ఆస్తులు అమ్ముడుపోవాలి. అందులోనూ ఆ టీచరు వంతు ఎప్పుడొస్తే అప్పుడే.

ఇక 2004లో గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు. అది కూడా మన దగ్గర పుట్టిందే, పదేళ్లు వెలిగిన ప్రైవేటు కమర్షియల్ బ్యాంకు. షేర్ మార్కెట్ వాళ్లకిచ్చిన అప్పులు మునిగి దెబ్బతింది. జూలై 24న మారటోరియం పెట్టారు, ఖాతాదారు పది వేలకు మించి తీసుకోకూడదన్నారు. ఊరంతా గగ్గోలు. కానీ ఆగస్టు 14 కల్లా ఆ బ్యాంకును ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్స్‌లో కలిపేశారు. మూడు వారాలు. డిపాజిట్ వేసినవాళ్లకు లక్షేమిటి, పది లక్షలైనా పూర్తిగా నిలిచింది. పోగొట్టుకున్నది షేర్లు కొన్నవాళ్లు.

ఊరొకటే, రోజులూ దాదాపు అవే. రెండు బ్యాంకుల్లోనూ పైన కూర్చున్నవాళ్ల తప్పిదాలే కారణం. మరి ఒక చోట మూడు వారాల్లో ఎందుకు తేలింది, ఇంకో చోట ఏళ్లు ఎందుకు పట్టింది? కోఆపరేటివ్ వాళ్లంతా దొంగలు, కమర్షియల్ వాళ్లంతా దొరలు అనుకుంటే పొరపాటు. తేడా చట్టంలో ఉంది. కమర్షియల్ బ్యాంకు కూలబోతుంటే దాన్ని ఇంకో బ్యాంకులో కలిపేసే అధికారం రిజర్వు బ్యాంకు, కేంద్ర ప్రభుత్వాల చేతిలో ఉంది. కోఆపరేటివ్ బ్యాంకుకు అప్పట్లో ఇద్దరు యజమానులు. బ్యాంకింగ్ పని రిజర్వు బ్యాంకు చూస్తుంది, బోర్డూ ఎన్నికలూ పాలనా సహకార సంఘాల రిజిస్ట్రార్ చూస్తాడు. ఇద్దరు కాపలా ఉన్న చేనును ఎవరూ కాయరన్నట్టు తయారైంది. 2020లో చట్టం మార్చి, పట్టణ కోఆపరేటివ్ బ్యాంకుల మీద కూడా రిజర్వు బ్యాంకుకు దాదాపు అలాంటి అధికారమే ఇచ్చారు. అంటే ఇవాళ్టి కోఆపరేటివ్ బ్యాంకు 2001 నాటిది కాదు. అమ్మ తరఫున ఈ మాట ఒప్పుకోవాలి.

అయితే ఆ చట్టం రావడానికి ముందు ఇంకో పెద్ద దెబ్బ తగలాల్సి వచ్చింది. 2019 సెప్టెంబరులో ముంబైలోని పీఎంసీ కోఆపరేటివ్ బ్యాంకు మీద రిజర్వు బ్యాంకు ఆంక్షలు పెట్టింది. మొదట చెప్పిన పరిమితి ఎంతో తెలుసా? ఆరు నెలలకు వెయ్యి రూపాయలు. మన ఇంట్లో నెలకు పాలకే అంతకన్నా ఎక్కువవుతుంది. తర్వాత ఆ పరిమితిని దశలవారీగా లక్ష దాకా పెంచారు గానీ, విషయం తేలడానికి 2022 జనవరి దాకా పట్టింది. చివరికి ఆ బ్యాంకును ఎవరిలో కలిపారో చూడండి, యూనిటీ అనే కొత్త స్మాల్ ఫైనాన్స్ బ్యాంకులో. ఐదు లక్షల దాకా బీమా సొమ్ము. అంతకు మించి పెద్ద మొత్తం ఉన్నవాళ్లకు మిగతాది విడతలుగా, పదేళ్ల దాకా. కూతురి పెళ్లి కోసం దాచిన తల్లికి ఆ చివరి విడత మనవరాలి బడి ఫీజుకు అందుతుందన్నమాట.

ఇదే కాలంలో 2020 మార్చి 5న యెస్ బ్యాంకు మీద మారటోరియం పెట్టి, యాభై వేలు పరిమితి అన్నారు. స్టేట్ బ్యాంకు, మరికొన్ని బ్యాంకులు డబ్బు పెట్టాయి. మార్చి 18న ఎత్తేశారు. పదమూడు రోజులు. అదే ఏడాది నవంబరులో లక్ష్మీ విలాస్ బ్యాంకును పది రోజుల్లో డీబీఎస్‌లో కలిపారు. ఈ రెండింట్లోనూ డిపాజిట్ వేసినవాళ్లు నష్టపోలేదు.

కాబట్టి వదిన మాటలో నిజం ఎంత? చాలానే ఉంది. పెద్ద కమర్షియల్ బ్యాంకు కూలితే దేశానికే దెబ్బ కాబట్టి ప్రభుత్వం ఊరుకోదు. స్టేట్ బ్యాంకు, హెచ్‌డీఎఫ్‌సీ, ఐసీఐసీఐ, ఈ మూడూ పడిపోతే మొత్తం వ్యవస్థే కదులుతుందని రిజర్వు బ్యాంకే ప్రకటించి, వాటిని అదనపు మూలధనం పెట్టుకోమంది. ఐదు లక్షలకు మించిన డబ్బు ఒకే చోట పెట్టక తప్పని పరిస్థితి వస్తే, నేనూ వదిన వైపే. కానీ వదినకు ఒక మాట గుర్తు చేశాను. ఇంతవరకు కాపాడారన్నది అలవాటు, ఐదు లక్షలన్నది హక్కు. కోర్టులో చూపించగలిగేది హక్కునే.

ఇక అన్న బ్యాంకు సంగతి. స్మాల్ ఫైనాన్స్ బ్యాంకులు 2016లో మొదలయ్యాయి. వీటికి రిజర్వు బ్యాంకు లైసెన్సు ఉంది, డీఐసీజీసీ బీమా ఉంది. మామూలు కమర్షియల్ బ్యాంకు కన్నా ఎక్కువ మూలధనం పెట్టుకోవాలన్న నిబంధన కూడా ఉంది. ఇంతవరకు వాటిలో దేనిమీదా మారటోరియం పడలేదు. అయితే ఆ ఒక శాతం ఎక్కువ వడ్డీ ఎక్కడి నుంచి వస్తుందని అన్న ఎప్పుడైనా అడిగాడా? ఆ బ్యాంకులు ఇచ్చే అప్పుల్లో సగమైనా పాతిక లక్షల లోపు చిన్నవే ఉండాలని నియమం. వాటిలో చాలా బ్యాంకులు పుట్టింది మైక్రోఫైనాన్స్ కంపెనీల నుంచే. గ్రూపులోని ఆడవాళ్లకు తాకట్టు లేకుండా ఇరవై శాతం పైన వడ్డీకి ఇస్తారు, మనకు ఒక శాతం ఎక్కువ ఇస్తారు.

ఆ అప్పులు ఒక్కసారి ఆగితే ఏమవుతుందో తెలుగువాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మైక్రోఫైనాన్స్ కంపెనీల మీద ఆర్డినెన్సు తెచ్చింది. ఇళ్ల ముందు కూర్చుని వసూలు చేసే ఏజెంట్ల వేధింపులు, ఆత్మహత్యల వార్తలు, వీటన్నిటి తర్వాత వచ్చిన ఆర్డినెన్సు అది. దాన్ని నేను తప్పు పట్టను. కానీ ఒక్కసారిగా రాష్ట్రమంతటా కిస్తీలు కట్టడం ఆగిపోయింది, కంపెనీలు కుదేలయ్యాయి. అప్పుడు అవి బ్యాంకులు కావు, మన డిపాజిట్లు వాటిలో లేవు. ఇప్పుడు అదే రకం అప్పులు బ్యాంకు లోపల ఉన్నాయి, వాటి వెనక మన డిపాజిట్లు ఉన్నాయి. తాకట్టు లేని అప్పు ఎంత ఉంది, రాని బాకీలు ఎంత శాతం అన్నవి ప్రతి మూడు నెలలకూ షేర్ మార్కెట్‌లో ఉన్న బ్యాంకులు బయటపెడతాయి. ఆ నికర మొండి బాకీల శాతం వరసగా మూడు నాలుగుసార్లు పెరుగుతూ పోతుంటే, వడ్డీ ఎంత ఎక్కువైనా కొత్త డిపాజిట్ వేయకండి. స్మాల్ ఫైనాన్స్ బ్యాంకు చెడ్డదని నేననడం లేదు. ఆ ఒక శాతం బహుమానం కాదు, ప్రమాదానికి కూలి. బీమా ఉన్న ఐదు లక్షల లోపు అయితే ఆ కూలి హాయిగా తీసుకోవచ్చు. అది దాటితే పదమూడు లక్షల ప్రమాదాన్ని నెలకు వెయ్యిన్నరకు అమ్ముకున్నట్టే.

సేవల సంగతి కూడా చెప్పాలి, లేకపోతే అమ్మ ఊరుకోదు. కోఆపరేటివ్ బ్యాంకులో మనిషి మొహం చూసి మాట్లాడతారు, బంగారం మీద అప్పు త్వరగా వస్తుంది. నిజమే. కానీ చాలా చోట్ల యాప్ ఉండదు, ఉన్నా నత్తనడక. ఇంకో రెండు సంగతులు అమ్మకు తెలియవు. అక్కడ పెద్ద అప్పు కావాలంటే మెంబరు కావాలి, షేర్లు కొనాలి. మామూలుగా అప్పులో రెండున్నర నుంచి ఐదు శాతం దాకా షేర్లకు పోతుంది. ఆ షేరు డబ్బు డిపాజిట్ కాదు, దానికి బీమా లేదు. బ్యాంకు మునిగితే ముందు పోయేది అదే. రెండోది, బంగారం అప్పూ డిపాజిట్టూ ఒకే బ్యాంకులో ఒకే పేరున ఉంటే, బ్యాంకు మూతపడినప్పుడు ముందు అప్పు మినహాయించుకుంటారు. మిగిలిన డిపాజిట్‌కే బీమా లెక్క. డిపాజిట్ ఐదు లక్షలు, అప్పు రెండు లక్షలు ఉంటే చేతికొచ్చేది మూడు లక్షలే. అప్పు తీరుతుంది కాబట్టి అది నష్టమేమీ కాదు, కానీ 'ఐదు వస్తాయి' అని లెక్కేసుకుని ఆగస్టు ఫీజు కట్టాలనుకున్నవాళ్లకు అది చిన్న విషయం కాదు.

ఇప్పుడు అసలు విషయానికి, పేరు దగ్గరికి వస్తాను. బీమా లెక్క ఖాతాకు ఇంతని కాదు, బ్రాంచికి ఇంతని కూడా కాదు. ఒక బ్యాంకులో ఒక మనిషికి ఇంతని. శంషాబాద్ బ్రాంచిలో నాలుగు, తుక్కుగూడ బ్రాంచిలో నాలుగు వేస్తే రెండు బీమాలు రావు, రెండూ కలిపి ఎనిమిదిగా చూసి ఐదే ఇస్తారు. సేవింగ్స్, ఎఫ్‌డీ, ఆర్‌డీ అన్నీ కలిపే లెక్క. వడ్డీ కూడా అందులోనే. ఐదు లక్షలు అసలే వేస్తే, దాని మీద పెరిగిన వడ్డీకి బీమా ఉండదు.

కానీ మనిషి మారితే లెక్క మారుతుంది. అన్న పేరున ఐదు, వదిన పేరున ఐదు, రెండూ వేరువేరు బీమాలు. ఇద్దరి పేరునా జాయింటుగా ఉన్నది ఇంకో లెక్క, దానికి మళ్లీ ఐదు. అంటే భార్యాభర్తలు ఒకే బ్యాంకులో పదిహేను లక్షల దాకా బీమాలో ఉంచుకోవచ్చు. మొగుడి ఒక్కడి పేరున వేస్తే ఐదే. ఎఫ్‌డీ కాగితం మీద భార్య పేరు రాయకపోవడానికి మన ఇళ్లల్లో చెప్పే సాకులు ఎన్నో. "నీకెందుకీ గోల", "ఎవరి పేరున ఉంటేనేం, ఇంట్లోదే కదా", "పాన్ కార్డు మళ్లీ వెతకాలి". ఆ 'ఎవరి పేరున ఉంటేనేం' అన్న మాటకు పద్దెనిమిది లక్షల్లో పది లక్షల బీమా పోయింది. భార్య పేరు రాయడం గౌరవం కోసమో ప్రేమ కోసమో కాదండీ, లెక్క కోసం. నామినీగా రాస్తే సరిపోదా అంటారు. సరిపోదు. నామినీ అంటే ఆయన పోయాక డబ్బు అందుకునే మనిషి. బీమా లెక్కలో నామినీకి చోటు లేదు.

అన్న వెంటనే పన్ను మాట తీశాడు. ఆయన డబ్బు వదిన పేరున వేస్తే ఆ వడ్డీని ఆయన ఆదాయంలోనే కలిపి పన్ను వేస్తారు. నిజమే, పన్ను ఒక్క రూపాయి తగ్గదు. కానీ పెరగదు కూడా. పన్ను మారకుండా బీమా రెట్టింపవుతుంటే వద్దనడానికి కారణం ఏముంది? దానికి అన్న దగ్గర జవాబు లేదు, నీళ్లు తాగాడు.

తర్వాత కాగితం తీసుకుని లెక్క వేశాం. ఆగస్టు ఫీజుకూ, అత్యవసరానికీ కలిపి ఆరు లక్షలు సర్కారు బ్యాంకులో, అన్న పేరున మూడు, వదిన పేరున మూడు. ఇది ఒక్కరోజు కూడా ఆగకూడని డబ్బు, కాబట్టి వడ్డీ తక్కువైనా ఫర్వాలేదు. స్మాల్ ఫైనాన్స్ బ్యాంకులో ఎనిమిదిన్నర లక్షలు, అన్న పేరున నాలుగుంబావు, వదిన పేరున నాలుగుంబావు. ఐదు కాకుండా నాలుగుంబావు ఎందుకంటే, ఎనిమిది శాతం వడ్డీకి రెండేళ్లు వేసి వడ్డీ అందులోనే కలిసిపోతుంటే, చివరికి అది ఐదు లక్షలకు కాస్త తక్కువగా నాలుగు లక్షల తొంభై ఎనిమిది వేల దాకా అవుతుంది. నాలుగున్నర వేస్తే రెండేళ్లకు ఐదూ పాతిక దాటుతుంది, ఆ పైది బీమా బయట పడుతుంది. మిగతా మూడున్నర లక్షలు అమ్మ చెప్పిన కోఆపరేటివ్ బ్యాంకులో, వదిన పేరున. అక్కడ బంగారం అప్పు అన్న పేరున ఉంది కాబట్టి డిపాజిట్ ఆయన పేరున వద్దనుకున్నాం. షేర్లు కొనేది లేదని అమ్మకు గట్టిగా చెప్పాం.

దీనివల్ల నష్టం ఎంత? సర్కారు బ్యాంకులో ఉన్న ఆరు లక్షల మీద ఒక శాతం అంటే ఏడాదికి ఆరు వేలు. కోఆపరేటివ్‌లో వడ్డీ అర శాతం తక్కువనుకుంటే ఇంకో పదిహేడు వందల యాభై. మొత్తం ఎనిమిది వేల లోపు, నెలకు ఆరు వందల యాభై. ఆ ఖర్చుతో పదమూడు లక్షలు బీమా లోపలికి వచ్చాయి. పద్దెనిమిది లక్షల్లో ఒక్క రూపాయి కూడా బయట లేదు. ఇంట్లో కేబుల్, ఇంటర్నెట్ బిల్లుకు అంతకన్నా ఎక్కువ కడుతున్నాం.

మూడు బ్యాంకుల్లో ఎందుకు, అన్నీ ఒకే చోట మూడు పేర్లతో వేస్తే పోలేదా అని మీరడగొచ్చు. పదిహేను లక్షల దాకా డబ్బు పోదు, నిజమే. కానీ ఆగిపోతుంది. 2021లో చట్టం మార్చాక, రిజర్వు బ్యాంకు ఒక బ్యాంకు మీద పూర్తి ఆంక్షలు పెడితే తొంభై రోజుల్లో బీమా సొమ్ము ఇవ్వాలి. మొదటి నలభై ఐదు రోజుల్లో ఆ బ్యాంకు డిపాజిట్‌దారుల జాబితా పంపుతుంది, తర్వాత పరిశీలన, ఆ తర్వాత చెల్లింపు. ఇంకో బ్యాంకులో కలిపే ఆలోచన ఉంటే ఇంకో తొంభై రోజులు పొడిగించవచ్చు. పీఎంసీ వాళ్లతో పోలిస్తే ఇది ఎంతో మేలు. కానీ తొంభై రోజులంటే మూడు అద్దెలు, మూడు కిరాణా బిల్లులు, ఒక కాలేజీ ఫీజు గడువు. అన్ని గుడ్లూ ఒకే గంపలో ఉంటే ఆ మూడు నెలలూ ఎవరి గుమ్మం ఎక్కాలి? ఇంకో చిన్న సంగతి. ఆ డబ్బు అందుకోవాలంటే బీమా తీసుకోవడానికి సమ్మతి పత్రం ఇవ్వాలి, వేరే బ్యాంకులో ఖాతా చూపించాలి. ఆ వేరే ఖాతా ముందే ఉండాలి, కేవైసీ సరిగ్గా ఉండాలి. పాస్‌బుక్‌లో ఒక స్పెల్లింగూ ఆధార్‌లో ఇంకో స్పెల్లింగూ ఉంటే అది ఈ వారమే సరిచేయించుకోండి, క్యూలో నిలబడ్డ రోజు కాదు.

చివరగా, ఈ మూడు రకాల కన్నా నాకు భయం వేసేది నాలుగో రకం. బోర్డు మీద 'కోఆపరేటివ్' అని ఉంటుంది, కౌంటరు ఉంటుంది, పాస్‌బుక్కు ఇస్తారు, పిగ్మీ ఏజెంటు రోజూ ఇంటికొచ్చి వంద తీసుకుపోతాడు. అదంతా చూసి బ్యాంకే అనుకుంటాం. అది క్రెడిట్ సొసైటీ అయి ఉండొచ్చు, పరస్పర సహాయక సంఘం అయి ఉండొచ్చు, నిధి కంపెనీ అయి ఉండొచ్చు. వీటికి రిజర్వు బ్యాంకు బ్యాంకింగ్ లైసెన్సు లేదు, డీఐసీజీసీ బీమా లేదు. సున్నా. ఊళ్లలో రైతులు ఎరువుల అప్పు తీసుకునే ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘానికీ ఈ బీమా లేదు, దాని పైన ఉండే జిల్లా సహకార కేంద్ర బ్యాంకుకు మాత్రం ఉంది. పోస్టాఫీసుకు కూడా ఈ బీమా లేదు గానీ, అక్కడ కేంద్ర ప్రభుత్వమే హామీ కాబట్టి ఆ భయం వేరు. తెలుసుకోవడం కష్టం కాదు. dicgc.org.in లో బీమా ఉన్న బ్యాంకుల జాబితా ఉంది. అందులో ఆ పేరు అక్షరం పొల్లు పోకుండా ఉండాలి. దగ్గరగా ఉండే పేరు ఉంటే అది వేరే సంస్థ అని అర్థం. ఫోన్‌లో రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలు పెట్టకుండా "మనూరాయనే నడుపుతుండు" అని డబ్బిచ్చేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది. కృషి బ్యాంకును నడిపినవాళ్లు కూడా ఎవరికో ఒకరికి మనూరివాళ్లే.

అమ్మ బ్యాంకు పేరు ఆ రోజే వదిన ఫోన్‌లో చూసింది. జాబితాలో ఉంది. అమ్మ మొహం వెలిగింది. సోమవారం అన్నావదినలు ముగ్గురి బ్యాంకులకూ వెళ్లొచ్చారు. వదిన పాన్ కార్డు బీరువాలో పెళ్లి ఆల్బమ్ కింద దొరికింది, పెళ్లయ్యాక దాన్ని బయటికి తీయడం ఇదే మొదటిసారట. సాయంత్రం నాకు ఫోన్ చేసింది. "నా పేరు మీద మూడు కాగితాలొచ్చినయి. ఇరవై రెండేండ్ల కాపురంల గిదే ఫస్టు" అంది.

మీ ఇంట్లో ఎఫ్‌డీ కాగితాలు ఎక్కడుంటాయో తెలుసా? ఇవాళ తీసి చూడండి. బ్యాంకు పేరు తర్వాత చూడొచ్చు. ముందు దాని మీద ఎవరి పేరుందో, ఒక్కొక్క పేరు కింద ఒక్కో బ్యాంకులో మొత్తం ఎంతుందో ఒక కాగితం మీద రాయండి. ఐదు దాటిన చోట గీత గీయండి. ఆ గీత పైన ఉన్నది మాత్రం, మీ ఆయన ఏమన్నా సరే, ఇంకో పేరు మీదికో ఇంకో బ్యాంకుకో మారాల్సిందే.